కీబోర్డు లైటు వెలగడం లేదా? కొత్త కీబోర్డు కొనే ముందు ఈ వరుసలో చూడండి

వరంగల్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్న మా మేనకోడలు ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. "మావయ్యా, ల్యాప్‌టాప్ కీబోర్డు లైటు వెలగట్లేదు. రూమ్మేట్లు పడుకున్నాక ట్యూబ్‌లైటు వేసుకోలేను. చీకట్లో బ్రాకెట్లు ఎక్కడున్నాయో తడుముకోవాల్సి వస్తోంది" అంది. రెండు వారాల కిందట కీబోర్డు మీద టీ ఒలికి కొన్ని కీలు పనిచేయకపోతే ఒక రిపేరు షాపులో కీబోర్డు మార్పించింది. లైటు సంగతి అడిగితే "మళ్లీ ఇంకో కీబోర్డు వేయాల్సిందే" అన్నారట. ఆ మాటకే తనకు టెన్షన్ పట్టుకుంది.

ఇంకో కీబోర్డు అవసరం రాలేదు. కానీ కారణం కూడా ఒక్కటి కాదు. ఒకదాని వెనక ఒకటి మూడు బయటపడ్డాయి. ఈ లైటు విషయంలో తరచూ అలాగే జరుగుతుంది. అందుకే తోచిన చిట్కా తోచినట్టు చేసుకుంటూ పోకుండా, వరుసగా చూసుకుంటూ రావాలి. ఆ వరుస ఏమిటో, ఎందుకు అలా ఉండాలో చెబుతాను. మా మేనకోడలి ల్యాప్‌టాప్ సంగతి మధ్య మధ్యలో వస్తుంటుంది.

## ముందుగా, ఈ లైటు ఎలా వెలుగుతుంది

ఒక్కో కీ కింద ఒక్కో బల్బు ఉంటుందని చాలామంది అనుకుంటారు. రంగురంగుల గేమింగ్ కీబోర్డుల్లో కొన్నిటికి అది నిజమే. మామూలు తెల్ల లైటు ల్యాప్‌టాప్‌లలో మాత్రం చాలావాటికి అలా ఉండదు. కీబోర్డు కింద పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. దాని అంచునో మధ్యలోనో చిన్న ఎల్‌ఈడీలు కొన్ని ఉంటాయి. వాటి వెలుతురు ఆ షీటులో పారుతూ, దాని మీద ఉన్న సన్నటి చుక్కల దగ్గర పైకి తిరుగుతుంది. ఆ పైన నల్లటి పొర, దానికి కీల చోట కంతలు. కీ మీది అక్షరం మాత్రం వెలుతురు దాటగలిగే ప్లాస్టిక్‌తో ఉంటుంది కాబట్టి అక్షరం వెలిగినట్టు కనిపిస్తుంది.

ఈ ఎల్‌ఈడీలకు కరెంటు ఒక సన్నటి పట్టీ కేబుల్ ద్వారా మదర్‌బోర్డు నుంచి వస్తుంది. ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్ చూసుకుంటుంది. దాన్ని ఎంబెడెడ్ కంట్రోలర్ అంటారు, రిపేరు చేసేవాళ్లు ఈసీ అని పిలుస్తారు. మీరు కీ నొక్కితే ఆ మాట ఈసీకి చేరాలి, ఈసీ కరెంటు ఇవ్వాలి, కరెంటు పట్టీ దాటాలి, ఎల్‌ఈడీలు వెలగాలి, షీటు వెలుతురును పంచాలి, అక్షరం దాన్ని పైకి వదలాలి. లైటు రాకపోయినా మందంగా వచ్చినా ఈ దారిలో ఎక్కడో ఆగిందన్నమాట. ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

## అసలు లైటు ఉన్న మోడలేనా?

ఇది అడిగితే కొందరికి కోపం వస్తుంది గానీ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. ఒకే మోడల్ పేరుతో లైటున్న కీబోర్డు, లైటు లేని కీబోర్డు రెండూ అమ్ముతారు. యూట్యూబ్‌లో అదే మోడల్‌కి లైటు వెలగడం చూసి, తమదానికి పాడైందనుకునేవాళ్లు చాలామంది.

పై వరుస కీలలోనో, స్పేస్ బార్ మీదో లైటు గుర్తు కోసం చూడండి. చిన్న కీబోర్డు బొమ్మ నుంచి గీతలు చిమ్ముతున్నట్టో, మూడు చుక్కల పక్కన కిరణాలు ఉన్నట్టో ఉంటుంది. సూర్యుడి బొమ్మ ఒక్కటే ఉంటే అది స్క్రీన్ వెలుతురుది. రెండూ కలగాపులగం చేసుకోకండి. గుర్తు కనిపించకపోతే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును తయారీ కంపెనీ సపోర్ట్ పేజీలో కొట్టండి. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్, లెనోవో అయితే సీరియల్ నంబరు ఇస్తే ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో వచ్చిందో చూపిస్తుంది. ఆ జాబితాలో కీబోర్డు వరుసలో Backlit అని ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

మధ్యలో కీబోర్డు మార్పించి ఉంటే మాత్రం ఈ జాబితాను నమ్మలేం. లైటున్న కీబోర్డు తీసి లైటు లేనిది వేయడం జరుగుతుంటుంది. అది చౌక, పైగా కీలన్నీ మామూలుగానే పనిచేస్తాయి. మా మేనకోడలి విషయంలో నా మొదటి అనుమానం అదే.

## సరైన కీ, సరైన తీరు

లెనోవోలో ఎక్కువగా Fn పట్టుకుని స్పేస్ బార్ నొక్కాలి. మిగతా కంపెనీల్లో పై వరుసలో ఏదో ఒక F కీ ఉంటుంది. అదే కంపెనీలో కూడా మోడల్ మారితే అంకె మారుతుంది, కాబట్టి అంకె బట్టీ పట్టకుండా బొమ్మనే నమ్ముకోండి. ఆ కీ ఒక్కటే నొక్కి చూడండి. ఏమీ కాకపోతే Fn పట్టుకుని నొక్కండి. Fn లాక్ ఎలా ఉందన్నదాన్ని బట్టి రెండిట్లో ఒకటే పనిచేస్తుంది. ఆ లాక్ చాలా ల్యాప్‌టాప్‌లలో Fn, Esc కలిపి నొక్కితే మారుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు గబగబా నొక్కడం. చాలావాటిలో ఆ కీ ఒక చక్రంలా తిరుగుతుంది: ఆఫ్, తక్కువ, ఎక్కువ, మళ్లీ ఆఫ్. పగటిపూట తక్కువ స్థాయి కంటికి ఆనదు. నాలుగుసార్లు టకటకా నొక్కి "రావట్లేదు" అనుకుని వదిలేస్తే అది ఆఫ్‌లోనో తక్కువలోనో ఆగి ఉండొచ్చు. ఒకసారి నొక్కి రెండు సెకన్లు ఆగండి, మళ్లీ నొక్కండి. ఇలా నాలుగుసార్లు చేస్తూ, స్క్రీన్ మీద ఏదైనా బొమ్మ వస్తోందేమో గమనించండి. ఆ బొమ్మ వస్తోందా లేదా అన్నది తర్వాత చాలా పనికొస్తుంది. మా మేనకోడలు నొక్కితే స్క్రీన్ మీద బొమ్మ వస్తోంది, స్థాయి మారుతున్నట్టు చూపిస్తోంది, కీబోర్డు మాత్రం నల్లగానే ఉంది. అంటే మాట ఈసీ దాకా చేరుతోంది, ఆ తర్వాతే ఎక్కడో తెగుతోందని నాకు ఫోన్లోనే సగం అర్థమైంది.

మ్యాక్‌బుక్ వాళ్లకు ఒక్క మాట. 2020లో వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ నుంచి కీబోర్డు లైటుకు విడిగా కీలు తీసేశారు. ఉన్న చోట వేరే పనుల కీలు పెట్టారు. స్క్రీన్ పై అంచున కంట్రోల్ సెంటర్‌లోనో, System Settings లోపల Keyboard పేజీలోనో Keyboard brightness జారుడు పట్టీ ఉంటుంది.

## దుప్పటి కప్పుకుని చూడండి

ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించినా నేను ఎవరికైనా ముందు చెప్పే పరీక్ష. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి, ల్యాప్‌టాప్ మీద దుప్పటి కప్పుకుని ఆ కీ నెమ్మదిగా నొక్కండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి ఒక నిమిషం ఆగండి.

దీనివల్ల రెండు తేలతాయి. ఒకటి, ఎక్కడైనా, ఏ మూలైనా, కాస్తంత వెలుతురు ఉందా లేదా. ఏ కొంచెం ఉన్నా కరెంటు వస్తోందన్నమాటే, అప్పుడు మీ సమస్య లైటు రాకపోవడం కాదు, మందంగా రావడం. రెండు, మీ ల్యాప్‌టాప్‌లో వెలుతురును కనిపెట్టే సెన్సర్ ఉంటే దాని అడ్డు తొలగిపోతుంది. మ్యాక్‌బుక్‌లలోనూ, కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ గదిలో వెలుతురు ఎక్కువగా ఉంటే కీబోర్డు లైటు తనంతట తానే ఆగిపోతుంది. మ్యాక్‌లో అప్పుడు ఆ జారుడు పట్టీని జరపనివ్వదు కూడా. కిటికీ పక్కన కూర్చుని పాడైందనుకుంటారు. మ్యాక్‌బుక్‌లో ఆ సెన్సర్ కెమెరా పక్కనే ఉంటుంది, కాబట్టి కెమెరాకు మూత అంటించుకుంటే అది కూడా కప్పబడిపోయి లెక్క తప్పుతుంది. Adjust keyboard brightness in low light అన్న స్విచ్‌ను ఆపేస్తే లైటు మీ చేతిలోకి వస్తుంది.

వెండి రంగు కీల మీద తెల్లటి అక్షరాలు వెలిగే కీబోర్డులది ఇంకో తమాషా ఇబ్బంది. పగలు లైటు వేస్తే అక్షరం, కీ రెండూ ఒకే రంగులో కలిసిపోయి ఏమీ కనిపించవు. అది లోపం కాదు. పగలు ఆపేసి వాడుకోవడమే మార్గం.

మా మేనకోడలు దుప్పటి కింద నిమిషం పైగా చూసి, "అస్సలు ఏమీ లేదు మావయ్యా, చిమ్మచీకటి" అంది.

## వెలిగి ఆరిపోతోందా? బయోస్‌లో చూడండి

"లైటు పనిచేయట్లేదు" అని నా దగ్గరికి వచ్చినవాటిలో కొన్ని నిజానికి పనిచేస్తూనే ఉంటాయి. కొన్ని సెకన్లు చేయి తీస్తే ఆరిపోతాయంతే. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన గడువు అది. మామూలు తెల్ల లైటుకు సంబంధించి విండోస్ సెట్టింగ్స్‌లో ఏమీ కనిపించదు, ఎందుకంటే ఆ గడువు చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే మెషీన్ సొంత సెట్టింగ్స్‌లో ఉంటుంది. విండోస్ 11లో Dynamic Lighting అని ఒక పేజీ ఉంది కానీ అది రంగుల లైట్లున్న, దానికి అనుకూలమైన పరికరాల కోసం.

డెల్ ల్యాటిట్యూడ్ లాంటివాటిలో ఆన్ చేస్తూ F2 నొక్కితే బయోస్ వస్తుంది. అందులో Keyboard Illumination అన్న చోట Disabled, Dim, Bright అని మూడు ఉంటాయి. Disabled ఉంటే విండోస్‌లో ఎన్నిసార్లు నొక్కినా ఉపయోగం లేదు. పక్కనే Keyboard Backlight Timeout on AC, Keyboard Backlight Timeout on Battery అని రెండు విడివిడిగా ఉంటాయి. చార్జర్ పెట్టినప్పుడు బాగా వెలిగి, తీయగానే ఆరిపోతుంటే ఈ రెండో గడువును చూడాలి. తరచుగా 10 సెకన్లు ఉంటుంది. దాన్ని 1 నిమిషానికో 5 నిమిషాలకో పెంచుకోవచ్చు. Never పెట్టొచ్చు గానీ బ్యాటరీ మీద నడిచేటప్పుడు వద్దంటాను. హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్‌లలో ఆన్ చేస్తూ F10 నొక్కి, Advanced కింద Built-in Device Options లోకి వెళితే Backlit Keyboard Timeout కనిపిస్తుంది. మ్యాక్‌లో అయితే ఇందాక చెప్పిన Keyboard పేజీలోనే Turn keyboard backlight off after inactivity ఉంటుంది.

బయోస్‌లోకి వెళ్లినప్పుడు లైటుకు సంబంధించినవి మాత్రమే మార్చండి. అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే బటన్ నొక్కాల్సి వస్తే, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ముందుగా దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది అడిగితే లేకపోవడం లైటు లేకపోవడం కంటే పెద్ద తలనొప్పి.

## తప్పు విండోస్‌దా, మెషీన్‌దా

బయోస్ తెర మీద ఉన్నప్పుడే ఇంకో పని చేయండి. అక్కడే లైటు కీ నొక్కి చూడండి. అప్పటికింకా విండోస్ మొదలవ్వలేదు, డ్రైవర్లేవీ లేవు. అక్కడ లైటు వెలిగి, విండోస్‌లోకి వెళ్లాక వెలగకపోతే వైర్లు, ఎల్‌ఈడీలు అన్నీ బాగున్నట్టే. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. ఆన్ చేసిన క్షణంలో కీబోర్డు ఒకసారి మెరిసి ఆరినా అర్థం అదే.

దీనికొక పరిమితి ఉంది. థింక్‌ప్యాడ్ లాంటి వాటిలో ఈ కీని ఈసీ నేరుగా చూసుకుంటుంది కాబట్టి పరీక్ష నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ కీ పనిచేయాలంటే విండోస్‌లో కంపెనీ డ్రైవర్ ఉండాలి. అక్కడ బయోస్‌లో వెలగలేదని వైరు తెగిందనుకోకూడదు. కాబట్టి బయోస్‌లో వెలిగితే గట్టి రుజువు, వెలగకపోతే అనుమానం మాత్రమే.

విండోస్ కొత్తగా వేసుకున్నాక లైటు పోయిందంటే నూటికి తొంభై పాళ్లు ఆ డ్రైవరే. ఆసుస్‌లో ASUS System Control Interface, లెనోవోలో Lenovo Vantage, మిగతావాటిలో హాట్‌కీ పేరుతో ఉన్నది. మీ మోడల్ నంబరు కొట్టి కంపెనీ సైటు నుంచే దించుకోండి. డ్రైవర్లు వెతికిపెడతామనే ఎవరో తెలియని ప్రోగ్రాములు వద్దు.

లైనక్స్ వాడేవాళ్లకు ఇంకా సూటి దారి ఉంది. కీబోర్డు లైటు అక్కడ ఒక ఫైలులా కనిపిస్తుంది.

```
ls /sys/class/leds | grep kbd_backlight
```

ఇది `tpacpi::kbd_backlight`, `dell::kbd_backlight`, `asus::kbd_backlight` లాంటి పేరు ఒకటి చూపిస్తే లైటు ఉందని సిస్టమ్‌కు తెలుసన్నమాట. ఆ పేరు పెట్టి నేరుగా వెలిగించి చూడొచ్చు.

```
cat /sys/class/leds/dell::kbd_backlight/max_brightness
echo 2 | sudo tee /sys/class/leds/dell::kbd_backlight/brightness
```

మొదటి లైను గరిష్ఠ స్థాయి ఎంతో చెబుతుంది, రెండో దానిలో ఆ అంకెకు మించకుండా ఇవ్వండి. వెలిగిందంటే మీ సమస్య కీ నొక్కడంలోనే తప్ప లైటులో లేదు. డెల్‌లో గడువు కూడా ఇక్కడి నుంచే మార్చొచ్చు.

```
echo 5m | sudo tee /sys/class/leds/dell::kbd_backlight/stop_timeout
```

ఇవేవీ కుదరకపోతే విప్పే ముందు ఒక్కసారి ఈసీని తాజాగా మొదలయ్యేలా చేయండి. ఈ చిప్ కొన్నిసార్లు బిగుసుకుపోతుంది, మామూలు రీస్టార్ట్‌తో దానికి కరెంటు తెగదు. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, యూఎస్‌బీకి పెట్టినవన్నీ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చేయండి. చాలా థింక్‌ప్యాడ్‌లకు అడుగున పిన్ను పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. చార్జర్ తీసేసి, నిటారుగా చేసిన పేపర్ క్లిప్పుతో లోపలి బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కితే అదే పని జరుగుతుంది.

మా మేనకోడలు ఇవన్నీ చేసింది. బయోస్‌లో లైటు Bright లోనే ఉంది, బయోస్ తెర మీద నొక్కినా చీకటే. ఇక విప్పాల్సిందే. "ఆదివారం బస్సెక్కి రా తల్లీ, నువ్వు విప్పకు" అన్నాను.

## పట్టీ కేబుల్

ఆదివారం వచ్చింది. నా వరుస ఇది, మీరు విప్పుకున్నా ఇదే పాటించండి. షట్‌డౌన్ చేసి చార్జర్ తీశాను. అడుగు మూత స్క్రూలు తీసి, మూత తెరిచిన వెంటనే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ఇది వదిలేయకండి. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకు బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. పట్టీని పెట్టేటప్పుడు వంకరగా తగిలి రెండు గీతలు కలిస్తే లైటు లైనులోని ఫ్యూజ్ పోతుంది. చిన్న పని కాస్తా మదర్‌బోర్డు పని అవుతుంది.

కీబోర్డు నుంచి బోర్డుకు ఆ ల్యాప్‌టాప్‌లో రెండు పట్టీలు వచ్చాయి. వెడల్పుగా ఉన్నది కీలది. దాని పక్కన వేలి గోరంత వెడల్పు కూడా లేని సన్నటిది లైటుది. ఆ రెండోది కనిపించగానే నాకు ఊపిరి వచ్చింది, షాపులో వేసింది లైటున్న కీబోర్డే. లైటు లేనిదైతే ఆ సన్న పట్టీయే ఉండదు, బోర్డు మీద దాని సాకెట్ ఖాళీగా కనిపిస్తుంది. అన్ని ల్యాప్‌టాప్‌లూ ఇలా ఉండవు. కొన్నిటిలో లైటు గీతలు కూడా వెడల్పు పట్టీలోనే కలిసి ఉంటాయి. విప్పే ముందు మీ మోడల్ విప్పే వీడియో ఒకటి చూసుకోండి.

దగ్గరగా ఫోన్ టార్చి పెట్టి చూస్తే తప్పు కనిపించింది. పట్టీ చివర అడ్డంగా తెల్ల గీత ఒకటి ఉంటుంది, అది సాకెట్ నోటికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. ఇక్కడ ఆ గీత ఒకవైపు సాకెట్‌ను ఆనుకుని, ఇంకోవైపు ఒక మిల్లీమీటరు బయటికి ఉంది. పట్టీ ఏటవాలుగా దూరి, దాని మీదే గొళ్లెం పడింది. పైనుంచి చూస్తే పెట్టినట్టే ఉంది, వేలితో తాకినా ఊడి రాలేదు. అందుకే షాపులో వాళ్లకూ అనుమానం రాలేదేమో.

ఈ సాకెట్లలో గొళ్లెం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పైకి తలుపులా లేస్తుంది, ఇంకోటి పట్టీ వైపుకు కొద్దిగా ముందుకు జరుగుతుంది. జరిగేదాన్ని పైకి లేపబోతే విరిగిపోతుంది. కాబట్టి ముందు టార్చితో ఏ రకమో తేల్చుకోండి. నేను ప్లాస్టిక్ ముక్కతో గొళ్లెం తెరిచి, పట్టీ బయటికి తీసి, దాని చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి ఆరనిచ్చాను. తర్వాత తెల్ల గీత సాకెట్ వెంబడి సమంగా వచ్చేదాకా నిటారుగా తోసి గొళ్లెం వేశాను. పట్టీని గట్టిగా నొక్కాల్సిన పని ఉండదు. నొక్కాల్సి వస్తోందంటే గొళ్లెం ఇంకా తెరుచుకోలేదని గుర్తు.

మూత వేయకముందే బ్యాటరీ పెట్టి ఆన్ చేసి చూశాను. లైటు వచ్చింది.

ఇక్కడ కూడా రాకపోతే ముందున్న దారులు రెండే. వెలుగుతుందని తెలిసిన ఇంకో కీబోర్డు పెట్టి చూడాలి. దానికి కూడా రాకపోతే బోర్డు మీది లైటు ఫ్యూజ్, దానికి కరెంటిచ్చే భాగం చూడాలి. ఫ్యూజ్ తెగిందో లేదో బ్యాటరీ తీసేసి మల్టీమీటర్ కంటిన్యుయిటీలో పెడితే తెలుస్తుంది. అది ఆవగింజ కంటే చిన్నది, మార్చడానికి మైక్రోస్కోప్ ఉన్న బోర్డు రిపేరు మనిషి కావాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పై మూతకు ప్లాస్టిక్ కరిగించి అతికి ఉంటుంది. విడిగా మార్చబోతే అది సులువైన పని కాదు, పై మూత మొత్తం మార్చాలంటారు. అలాంటిచోట లైటు ఒక్కదాని కోసం అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను. మిగతా కీలన్నీ పనిచేస్తుంటే యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న దీపం చాలు.

## వెలుగుతోంది కానీ మందంగా ఉంది

సాయంత్రానికి మా మేనకోడలు మళ్లీ వచ్చింది. "మావయ్యా, వచ్చింది గానీ మునుపటంత లేదు. పైగా నేను చదువుతూ ఆగితే ఆరిపోతోంది."

ఆరిపోవడం ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బయోస్‌లో బ్యాటరీ గడువు 10 సెకన్లు ఉంది. లైటే రానప్పుడు ఆ వరుసను మేమిద్దరం పట్టించుకోలేదు. 5 నిమిషాలు పెట్టాను.

మందంగా ఉండటాన్ని విడిగా చూడాలి. ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: అంతటా సమానంగా మందంగా ఉందా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉందా? అంతటా సమానంగా ఉంటే లోపలి భాగాలు బాగున్నట్టే. స్థాయి తక్కువలో ఉందేమో, బయోస్‌లో Dim పెట్టి ఉందేమో, బ్యాటరీ తగ్గినప్పుడు కంపెనీ యాప్ లైటును తగ్గిస్తోందేమో చూడండి. చార్జర్ పెట్టగానే పెరిగితే ఆ చివరిదే.

అసమానంగా ఉంటే అది సెట్టింగ్ కాదు. ఒక వైపు మొత్తం చీకటిగా ఉంటే ఆ వైపు ఎల్‌ఈడీలు కొన్ని పోయినట్టు. మరకలా, అంచులు వంకరటింకరగా నీడ కనిపిస్తే షీట్ల మధ్యకు టీయో నీళ్లో దూరి ఎండిపోయి ఉంటాయి. ఆ మరక వెలుతురును సరిగ్గా పైకి తిరగనివ్వదు. పొరలు విడదీసి తుడవొచ్చని కొన్ని వీడియోల్లో చూపిస్తారు. అవి అతికి ఉంటాయి, విడదీసి మళ్లీ అదే అమరికలో పెట్టడం చేతులు తిరిగినవాళ్లకే కష్టం. నేనైతే అలాగే వాడుకోమంటాను. అప్పుడప్పుడూ వాడే రెండు మూడు కీలు మాత్రమే మందంగా ఉంటే, కీ కింద దుమ్మో వెంట్రుకలో ఉన్నాయేమో ల్యాప్‌టాప్ ఏటవాలుగా పట్టి గాలి కొట్టి చూడండి. ఎక్కువ వాడే కీల అక్షరాలు అరిగి అంచులు చెదిరిపోయి ఉంటే మాత్రం అది అరుగుదల.

మా మేనకోడలిది అంతటా సమానంగానే మందం. స్థాయి ఎక్కువలోనే ఉంది. రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ చూశాక అప్పుడు కళ్లకు ఆనింది. విప్పేటప్పుడు నేనే తీసి పక్కన పెట్టిన సిలికాన్ కవర్‌ను తను మళ్లీ కీబోర్డు మీద పరిచింది. టీ ఒలికాక భయపడి కొన్నది, లేత నీలం రంగుది, అప్పటికే వేళ్ల జిడ్డు పట్టి మసకబారింది. కవర్ తీశాం, అక్షరాలు ఒక్కసారిగా తెల్లగా వచ్చాయి. మళ్లీ పరిచాం, మసకబారాయి.

"తీసేస్తే మళ్లీ టీ పడితే?" అంది.

రాత్రి పని చేసుకునేటప్పుడు తీసేసి, పగలు క్యాంటీన్‌కు పట్టుకెళ్లినప్పుడు వేసుకోమన్నాను. కవర్‌ను వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టమన్నాను, తడి కవర్ పెడితే ఆ నీళ్లే కీల కిందికి దిగుతాయి. రాత్రి బస్సుకు వెళ్లిపోయింది. పన్నెండు దాటాక ఒక ఫోటో పంపింది: చీకటి గది, పక్క మంచాల మీద దుప్పట్లు కప్పుకున్న ఇద్దరు, మధ్యలో బ్రాకెట్లు కూడా స్పష్టంగా వెలుగుతున్న కీబోర్డు.